పానా వదిలి మేనేజర్ కుర్చీ ఎక్కితే: జీవితకాల సంపాదన ఎంత పెరుగుతుంది, రిస్క్ ఎంత పెరుగుతుంది?

రేణిగుంట చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ క్లస్టర్లు, కరకంబాడి, ఏర్పేడు, సత్యవేడు దగ్గర శ్రీసిటీ, ఇటు చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు. వీటిలో ఎక్కడ చూసినా మెయింటెనెన్స్ విభాగంలో ఒకరిద్దరు ప్రత్యేకంగా కనిపిస్తారు. లైన్ ఆగిపోతే ల్యాప్‌టాప్ పట్టుకుని ప్యానెల్ ముందు కూర్చునేది వాళ్లే. యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటర్ లాంటి పీఎల్‌సీలో ప్రోగ్రామ్ తెరిచి, ఏ సెన్సర్ సిగ్నల్ రావడం లేదో, ఏ సర్వో డ్రైవ్ ఫాల్ట్ చూపిస్తోందో పట్టుకునేది వాళ్లే. ఎనిమిది, పదేళ్లు అలా పనిచేశాక ఒక రోజు హెచ్‌ఆర్ నుంచి పిలుపు వస్తుంది. "మిమ్మల్ని అసిస్టెంట్ మేనేజర్ చేస్తున్నాం, టీమ్ మీ కింద ఉంటుంది" అంటారు. ఇంట్లో వాళ్లకు సంతోషం, బంధువులకు చెప్పుకోవడానికి గౌరవం. చాలామంది ఆ సాయంత్రమే ఒప్పేసుకుంటారు.

ఒప్పుకోవడం తప్పని చెప్పలేం. చాలా సందర్భాల్లో అది డబ్బు పరంగా మంచి నిర్ణయమే. కానీ అక్కడ జరిగేది ప్రమోషన్ ఒక్కటే కాదు. ఉద్యోగం స్వభావం మారుతుంది, చట్టం ఆ మనిషిని చూసే తీరు మారుతుంది, ఉద్యోగం పోతే మళ్లీ దొరకడానికి పట్టే కాలం మారుతుంది. ఆఫర్ లెటర్‌లో కనిపించేది మొదటి ఏడాది జీతం మాత్రమే. అసలు లెక్క మిగిలిన ఇరవై అయిదేళ్లలో ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా లెక్క వేసి చూద్దాం. ఈ ఇంజనీరు ఊహించిన మనిషి, జీతాలు కూడా లెక్క కోసం అనుకున్నవే. ఎవరి జీతం వాళ్లు వేసుకుని చూసుకోవచ్చు. పన్ను శ్లాబులు, చట్టంలోని నిబంధనలు మాత్రం ఉన్నవి ఉన్నట్టుగానే తీసుకున్నాం.

ఇరవై ఆరేళ్ల లెక్క

వయసు 32. ట్రిపుల్ఈ చదివి, తిరుపతిలో కాపురం ఉంటూ రేణిగుంట దగ్గర ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో ఆటోమేషన్ ఇంజనీరుగా చేస్తున్నాడు. ఏడాదికి 10 లక్షలు వస్తుంది. ఇందులో షిఫ్ట్ అలవెన్సు, రాత్రిపూట పిలిచినప్పుడు ఇచ్చే కాల్‌అవుట్ డబ్బు కలిసి నెలకు 8 వేలు ఉన్నాయి. కొత్త ఆఫర్‌లో జీతం రెండున్నర లక్షలు పెరుగుతుందని రాసి ఉంది. కానీ మేనేజర్ గ్రేడ్‌లో ఆ అలవెన్సులు ఉండవు. ఏడాదికి 96 వేలు అక్కడే పోతాయి. అంటే నిజమైన పెంపు ఒకటిన్నర లక్ష. రాత్రిపూట ఫోన్లు మాత్రం ఆగవు. ఇంతకుముందు ఫోన్ వస్తే డబ్బు వచ్చేది, ఇక రాదు.

అయినా మేనేజ్‌మెంట్ దారిలో డబ్బు మొదట్లో కాదు, తర్వాత వస్తుంది. ధరల పెరుగుదలను పక్కన పెట్టి అంతా నేటి రూపాయల్లోనే చూద్దాం. టెక్నికల్ దారిలోనే ఉంటే మొదటి ఆరేళ్లు సగటున ఏడాదికి 10 లక్షలు, 38 నుంచి 47 వరకు పన్నెండున్నర లక్షలు, 48 నుంచి 57 వరకు 15 లక్షలు వస్తాయనుకుందాం. మేనేజ్‌మెంట్ దారిలో అవే మూడు దశల్లో పదకొండున్నర, 18, 24 లక్షలు అనుకుందాం. ఇరవై ఆరేళ్లకు టెక్నికల్ దారి మొత్తం 3 కోట్ల 35 లక్షలు, మేనేజ్‌మెంట్ దారి మొత్తం 4 కోట్ల 89 లక్షలు అవుతుంది. తేడా 1 కోటి 54 లక్షలు.

టెక్నికల్ దారి అంత త్వరగా చదునైపోవడానికి కారణం పని విలువ తగ్గడం కాదు, జీతాలను నిర్ణయించే పద్ధతి. మన ప్రాంతంలోని మధ్యస్థాయి ఫ్యాక్టరీల్లో జీతం గ్రేడ్‌ను బట్టి ఉంటుంది. గ్రేడ్ ఎక్కువగా కింద ఎంతమంది ఉన్నారన్న దాన్ని బట్టి పెరుగుతుంది. ఒక గంట లైన్ ఆగితే లక్షల్లో నష్టం వచ్చే చోట, దాన్ని పది నిమిషాల్లో నడిపించగల మనిషి ఒక్కడే పనిచేస్తుంటే అతడికి పై గ్రేడ్ ఇచ్చే ఖానా ఆ పట్టికలో ఉండదు. కింద ఎవరూ లేకుండానే మేనేజర్‌తో సమానమైన గ్రేడ్‌కు ఎదిగే వేరే నిచ్చెన కొన్ని పెద్ద కంపెనీల్లో ఉంది. చిన్న ప్లాంట్లలో అది అరుదు. కాబట్టి చాలామంది మేనేజర్ పని ఇష్టమై కాదు, జీతం పెరగడానికి వేరే తలుపు లేక అటు వెళ్తున్నారు. ఇది కంపెనీలకూ నష్టమే. ఉన్న ఒక్క మంచి ఆటోమేషన్ మనిషిని పోగొట్టుకుని, అలవాటు లేని ఒక మేనేజర్‌ను తెచ్చుకుంటున్నాయి.

ఇప్పుడు పన్ను సంగతి. 2025-26 ఆర్థిక సంవత్సరం కొత్త పన్ను విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుంటే, ఉద్యోగికి 12 లక్షల 75 వేల జీతం దాకా పన్ను పడదు. మన ఇంజనీరు టెక్నికల్ దారిలో ఉంటే 47 ఏళ్ల వరకు ఒక్క రూపాయి కూడా కట్టనక్కర్లేదు. చివరి పదేళ్లలో ఏడాదికి 97,500 కడతాడు. మేనేజర్‌గా 18 లక్షలు వచ్చే రోజుల్లో ఏడాదికి 1,50,800, 24 లక్షల రోజుల్లో 2,92,500 కట్టాలి. ఇదే శ్లాబులు కొనసాగితే ఇరవై ఆరేళ్లలో టెక్నికల్ దారి పన్ను పది లక్షలకు కాస్త తక్కువ, మేనేజర్ దారి పన్ను 44 లక్షలు దాటుతుంది. చేతికి వచ్చే తేడా 1 కోటి 54 లక్షల నుంచి 1 కోటి 19 లక్షలకు దిగుతుంది.

ఆ తర్వాత టార్గెట్ మీద ఆధారపడే జీతం. మేనేజర్ జీతంలో కొంత భాగం వేరియబుల్ పే పేరుతో ఉంటుంది. నడి దశలో 15 శాతం, చివరి దశలో 20 శాతం అలా ఉందనుకుందాం. ఏటా నూటికి నూరు శాతం రాదు కాబట్టి సగటున 70 శాతం చేతికి వస్తుందనుకుంటే, పన్ను పోను మరో 17 లక్షలు తగ్గుతుంది. తేడా 1 కోటి 2 లక్షలకు వస్తుంది.

ఆ మిగిలిన 30 శాతం ఎందుకు రాదన్నది చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలను చూస్తే బాగా తెలుస్తుంది. తోతాపురి సీజన్ రెండు, మూడు నెలలే. ఏడాది పనితీరంతా ఆ కొద్ది రోజుల మీదే తేలుతుంది. 2025లో కాయ విపరీతంగా వచ్చింది. అంతకుముందు తీసిన గుజ్జు నిల్వలు చాలాచోట్ల అలాగే ఉండిపోయాయి. కిలోకు 12 రూపాయలు రైతుకు అందేలా ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలని నిర్ణయించాల్సి వచ్చింది. అలాంటి ఏడాదిలో మెయింటెనెన్స్ మేనేజర్ లైన్‌ను ఒక్క రోజు కూడా ఆపకుండా నడిపినా, కంపెనీ లాభం మీద కట్టిన బోనస్ తగ్గకుండా ఎలా ఉంటుంది? టెక్నికల్ మనిషి జీతం అతడి పనికి దగ్గరగా కట్టి ఉంటుంది. మేనేజర్ జీతంలో ఒక ముక్క కంపెనీ వ్యాపారానికి కట్టి ఉంటుంది. ఆ వ్యాపారం అతడి చేతిలో లేదు.

ఉద్యోగం పోతే

ఇంతవరకు వేసిన లెక్కంతా ఉద్యోగం పోకుండా 58 దాకా సాగితేనే. అసలు తేడా ఉద్యోగం పోయినప్పుడు బయటపడుతుంది. అందుకే దీనికి కాస్త ఎక్కువ చోటు ఇవ్వాలి.

తిరుపతి నుంచి రోజూ వెళ్లి రాగలిగిన దూరంలో, అంటే రేణిగుంట, కరకంబాడి, శ్రీకాళహస్తి, నాయుడుపేట, కష్టపడితే శ్రీసిటీ వరకు, మన ఇంజనీరుకు పనికొచ్చే ప్లాంట్లు 40 ఉన్నాయనుకుందాం. ఒక్కో ప్లాంటుకు మెయింటెనెన్స్ మేనేజర్ ఒక్కడే. పీఎల్‌సీ ప్రోగ్రామ్ చేయగలిగిన వాళ్లు నలుగురైనా కావాలి, ఎందుకంటే మూడు షిఫ్టులు నడవాలి, ఒకరు సెలవులో ఉండొచ్చు. అంటే మేనేజర్ కుర్చీలు 40, టెక్నికల్ పోస్టులు 160. మేనేజర్లు సగటున అయిదేళ్లకోసారి కదిలితే ఏడాదికి ఎనిమిది కుర్చీలు ఖాళీ అవుతాయి. అందులో సగం లోపలి వాళ్లతోనే నింపుతారు. బయటి వాళ్లకు మిగిలేవి నాలుగు, అంటే మూడు నెలలకు ఒకటి. టెక్నికల్ వాళ్లు మూడేళ్లకోసారి కదిలితే ఏడాదికి యాభైకి పైగా ఖాళీలు వస్తాయి, అంటే దాదాపు వారానికి ఒకటి.

అందుకే ఒకే ఫ్యాక్టరీలో, ఒకే రోజున మేనేజర్, టెక్నికల్ మనిషి ఇద్దరి ఉద్యోగాలూ పోతే, టెక్నికల్ మనిషి రెండు, మూడు నెలల్లో దాదాపు అదే జీతానికి ఇంకో గేటులో అడుగు పెడతాడు. మేనేజర్‌కు ఏడాది పట్టడం వింత కాదు. ఆ ఏడాదిలో ఇంటర్వ్యూకు పిలుపు వచ్చేది శ్రీపెరుంబుదూరు నుంచో, హోసూరు నుంచో, పుణె నుంచో అయి ఉంటుంది. భార్య తిరుపతిలో టీచరుగా చేస్తుంటే, పిల్లలు ఇక్కడే చదువుతుంటే, అమ్మానాన్నలు పక్క ఊళ్లో ఉంటే కుటుంబం కదలదు. మనిషి ఒక్కడే వెళ్లి రెండు కాపురాలు పెట్టాలి. అక్కడి అద్దె, తిండి, వారం వారం రాకపోకలు కలిస్తే ఏడాదికి రెండు, రెండున్నర లక్షల ఖర్చు. పెద్ద నగరంలో ఉండే మేనేజర్‌కు ఈ బాధ ఇంత ఉండదు. అక్కడ కుర్చీలే ఎక్కువ. జీవితకాల సంపాదన గురించి నగరాల వాళ్లు చెప్పే సలహాలు తిరుపతికి సరిగ్గా అతకకపోవడానికి ఇదే పెద్ద కారణం.

ఇప్పుడు దీన్ని అంకెల్లో పెడదాం. మేనేజర్ ఉద్యోగం 48వ ఏట పోయిందనుకోండి. ఒక ఏడాది ఖాళీ, ఆ తర్వాత 24 లక్షలకు బదులు 17 లక్షల ఉద్యోగం. మొత్తం మీద చేతికొచ్చే డబ్బులో సుమారు 59 లక్షలు పోతుంది. 1 కోటి 2 లక్షల తేడా 43 లక్షలకు పడిపోతుంది. అయినా మేనేజ్‌మెంట్ దారే ముందుంది. ఎందుకంటే అప్పటికే పదేళ్లపాటు మంచి జీతం తీసుకున్నాడు.

అదే దెబ్బ 42వ ఏట తగిలితే కథ వేరు. 18 లక్షల దశలో నాలుగేళ్లే గడిచాయి. ఒక ఏడాది ఖాళీ. చేతి పని ఇంకా తాజాగా ఉండి, మళ్లీ టెక్నికల్ ఉద్యోగంలో చేరి, మిగతా కాలమంతా పాత దారి జీతమే తీసుకుంటే చివరికి అసలు మారకుండా ఉన్న మనిషి కంటే ఓ పది లక్షలు ముందుంటాడు. కానీ మేనేజర్‌గా ఉన్న ఆ పదేళ్లలో పని తుప్పు పట్టి, పన్నెండున్నరకు బదులు 11 లక్షలకు, చివరి పదేళ్లు 15కు బదులు 13 లక్షలకు చేరాల్సి వస్తే, ఓ పది లక్షలు వెనకబడతాడు. రెండు సందర్భాల్లోనూ ప్రమోషన్ అదే, ఉద్యోగం పోయిన తేదీ అదే. తేడా అంతా చేతిలో పని మిగిలిందా లేదా అన్నదే.

రెండో వైపు కూడా చెప్పాలి. టెక్నికల్ దారిలో రిస్క్ లేదనుకుంటే పొరపాటు. అక్కడ రిస్క్ మెషీన్ రూపంలో వస్తుంది. మన ఫ్యాక్టరీల్లో ఏళ్ల తరబడి నమ్ముకున్న సీమెన్స్ ఎస్7-300 కంట్రోలర్ల ఉత్పత్తిని ఆ కంపెనీ 2023లో ముగింపు దశలోకి తెచ్చింది. దాని మీదే పేరు తెచ్చుకున్నవాడు కొత్త తరానికి మారకపోతే, ఆ పాత ప్యానెళ్లు ఉన్నంత కాలమే అతడి గిరాకీ. కానీ ఈ రిస్క్ మెల్లగా వస్తుంది, ముందే కనిపిస్తుంది, సొంత ఖర్చుతో కొన్ని వారాల శిక్షణ తీసుకుంటే దాటవచ్చు. మేనేజర్ రిస్క్ ఒక శుక్రవారం మధ్యాహ్నం మీటింగ్‌లో వస్తుంది.

చట్టం గీసిన గీత

ఈ విషయం ఆఫర్ లెటర్ తీసుకునే వాళ్లలో చాలా కొద్దిమందికే తెలుసు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, అంతకుముందున్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం కూడా, సాంకేతిక పని చేసే మనిషి కార్మికుడి నిర్వచనంలోకి వస్తాడు. ముఖ్యంగా గమనించాల్సింది, సాంకేతిక పని చేసేవాడికి జీతం పరిమితి లేదు. నెలకు లక్ష తీసుకున్నా అతడి ప్రధానమైన పని సాంకేతికమైతే రక్షణ ఉంటుంది. ప్రధానంగా మేనేజర్ పని చేసేవాళ్లు బయటికి పోతారు. సూపర్‌వైజర్ పని చేసేవాళ్లకు మాత్రం నెలకు 18 వేల పరిమితి ఉంది. అది దాటితే వాళ్లూ బయటే. ఈ రోజుల్లో ఏ ఇంజనీరు జీతమైనా ఆ 18 వేలు ఎప్పుడో దాటి ఉంటుంది.

కార్మికుడిగా ఉండి ఏడాదికి పైగా పనిచేసిన మనిషిని కంపెనీ తొలగించాలంటే నెల రోజుల నోటీసు, పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలి. కొత్త కోడ్‌లో మరో పదిహేను రోజుల వేతనం రీస్కిల్లింగ్ ఫండ్ కింద అతడికి చేరాలి. మన ఇంజనీరు టెక్నికల్ దారిలోనే ఉండి పదహారేళ్ల సర్వీసు తర్వాత, 48లో తొలగింపుకు గురయ్యాడనుకుందాం. నెల జీతం లక్షా పాతిక వేలు, చట్టం లెక్కించే వేతనం అందులో సగమే అనుకున్నా పరిహారం 5 లక్షలు వస్తుంది. మేనేజర్‌కు ఇలాంటి హక్కు చట్టంలో లేదు. అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ఎన్ని నెలల నోటీసు రాసి ఉందో అంతే. రెండు నెలలని రాసి ఉంటే 24 లక్షల జీతగాడికి 4 లక్షలు. జీతం ఎక్కువ ఉన్నవాడికే చేతికి తక్కువ రావడం వింతగా అనిపించినా, గీత దాటాక అంతే.

వివాదం వస్తే కోర్టులు కార్డు మీద ఉన్న హోదా చూడవు, ప్రధానంగా చేసిన పని ఏమిటో చూస్తాయి. పేరుకు అసిస్టెంట్ మేనేజర్ అయి, రోజంతా ప్యానెళ్ల దగ్గరే పనిచేసి, ఎవరి సెలవులూ మంజూరు చేయకుండా, ఎవరి మీదా చర్య తీసుకునే అధికారం లేకుండా ఉంటే, తాను కార్మికుడినేనని వాదించే వీలుంటుంది. అందుకే కొన్ని కంపెనీలు ప్రమోషన్ లెటర్‌లోనే "సెలవుల మంజూరు, పనితీరు అంచనా, క్రమశిక్షణ చర్యలు" అని వరసగా రాస్తాయి. ఆ వాక్యం మామూలుగా కనిపిస్తుంది. దాని బరువు తర్వాత తెలుస్తుంది.

గ్రాట్యుటీ మాత్రం ఇద్దరికీ ఉంటుంది. అది చివరి వేతనం మీద కడతారు కాబట్టి ఒకే కంపెనీలో చివరిదాకా ఉన్న మేనేజర్‌కు పాత ఏళ్లకు కూడా కొత్త జీతం రేటే పడుతుంది. చివరి బేసిక్ 60 వేలయితే ఇరవై ఆరేళ్లకు 9 లక్షలు, లక్ష అయితే 15 లక్షలు. ఇది మేనేజ్‌మెంట్ దారికి చెప్పుకోదగ్గ లాభం, కంపెనీ మారనంత వరకు.

డబ్బుకు సంబంధం లేని రిస్క్ ఇంకొకటి ఉంది. దాన్ని దగ్గరగా చూస్తేనే అర్థమవుతుంది. ప్యానెల్ గదిలో పని మొదలయ్యే ముందు మెయిన్ స్విచ్ ఆపి, దానికి తాళం వేసి, "మనుషులు పనిలో ఉన్నారు" అన్న ట్యాగ్ కడతారు. పక్కనే బల్ల మీద వర్క్ పర్మిట్ పుస్తకం ఉంటుంది. టెక్నీషియన్‌గా ఉన్నప్పుడు మన ఇంజనీరు తాళం వేసి, టెస్టర్ పెట్టి కరెంటు లేదని తానే చూసుకుని, తన ప్రాణానికి తానే బాధ్యుడిగా లోపలికి చెయ్యి పెట్టేవాడు. మేనేజర్ అయ్యాక ఆ పర్మిట్ మీద సంతకం అతడిది, లోపలికి వెళ్లే చెయ్యి ఇంకొకరిది. ఉదయం తొమ్మిదింటికి పది పర్మిట్లు వస్తాయి, పదకొండింటికి ప్రొడక్షన్ మీటింగ్ ఉంటుంది. ప్రతి తాళాన్నీ వెళ్లి చూసే సమయం ఉండదు. చూడకుండా సంతకం పెట్టే అలవాటు అక్కడే మొదలవుతుంది. వృత్తి భద్రత కోడ్ ప్రకారం, విధి నిర్వహించడంలో విఫలమవడం వల్ల మనిషి ప్రాణం పోతే రెండేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఫ్యాక్టరీ మేనేజర్‌గా ప్రభుత్వ రికార్డుల్లో పేరు ఉన్న వ్యక్తి మీద ముందుగా దృష్టి పడుతుంది. మెయింటెనెన్స్ మేనేజర్ ఆ వ్యక్తి కాకపోవచ్చు, కానీ పర్మిట్ మీద ఉన్నది అతడి సంతకమే. ఈ టెన్షన్‌కు జీతంలో విడిగా ఖానా ఉండదు.

తుప్పు ఎప్పుడు పడుతుంది

పైన వేసిన లెక్కలో పది లక్షల లాభం పది లక్షల నష్టంగా మారింది ఒక్క కారణంతో. కాబట్టి పని చేతిలోంచి జారిపోతోందని ఎలా తెలుస్తుందన్నది ఈ విషయంలో అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న.

తెలుసుకునే మార్గం సులువే. రాత్రి రెండింటికి లైన్ ఆగితే టీమ్ ఎవరికి ఫోన్ చేస్తోంది, ఎందుకు చేస్తోంది? మొదటి ఏడాది వాళ్లు "ఫాల్ట్ ఎక్కడుందో అర్థం కావడం లేదు సార్" అని అడుగుతారు. రెండో ఏడాది "డ్రైవ్ మార్చాలి, స్టోర్స్ నుంచి తీసుకోవచ్చా సార్" అని అడుగుతారు. మొదటి ప్రశ్నకు పని తెలియాలి, రెండో దానికి అధికారం ఉంటే చాలు. వచ్చే ఫోన్లన్నీ రెండో రకానివైపోతే మేనేజర్‌గా కుదురుకున్నట్టు. అదే సమయంలో బయటి మార్కెట్‌లో టెక్నికల్ మనిషిగా విలువ తగ్గడం మొదలైనట్టు కూడా.

ఇంకా కచ్చితంగా చూడాలంటే, గత ఏడాదిలో ఒక్కసారైనా ఒంటరిగా ప్రోగ్రామ్ ఆన్‌లైన్ పెట్టి ఫాల్ట్‌ను మూలం దాకా పట్టుకున్నారా, కొత్తగా వచ్చిన మెషీన్ కమిషనింగ్‌లో వెండర్ ఇంజనీరు పక్కన నిలబడి పారామీటర్లు తామే సెట్ చేశారా అని అడిగి చూడాలి. రెండేళ్లు వరసగా లేదన్న జవాబే వస్తే వెనక్కి వెళ్లే తలుపు దాదాపు మూసుకున్నట్టే. మేనేజర్‌గా ఉంటూనే ఏటా ఒక ప్రాజెక్టు, అంటే ఒక లైన్ మార్పో, ఒక పాత కంట్రోలర్‌ను కొత్తదానికి మార్చడమో, సొంత చేతులతో చేస్తే ఆ తలుపు తెరిచే ఉంటుంది. మంచి మేనేజర్లు ఇలా చేయకూడదని, అంతా కిందివాళ్లకే అప్పజెప్పాలని పై అధికారులు చెప్పడం మామూలే. పెద్ద నగరంలో అది సరైన సలహా కావచ్చు. మూడు నెలలకు ఒక కుర్చీ ఖాళీ అయ్యే చోట, కనీసం 45 ఏళ్లు వచ్చేదాకా, చేతి పనిని అలా వదిలేయడం ఖరీదైన సలహా.

సంతకానికి ముందు అడగాల్సినవి

కంపెనీకి మనిషి అవసరం ఎక్కువగా ఉన్నది ప్రమోషన్ ఇచ్చే వారంలోనే. తర్వాత అడిగితే ఎవరూ వినరు. అడగాల్సిన వాటిలో మొదటిది వెనక్కి వచ్చే హక్కు. పద్దెనిమిది నెలల లోపు ఏ కారణంతోనైనా కుదరకపోతే పాత టెక్నికల్ గ్రేడ్‌కు, పాత జీతం తగ్గకుండా తీసుకుంటామని లెటర్‌లో రాయించుకోవాలి. చాలా హెచ్‌ఆర్ విభాగాలు దీన్ని మొదట నవ్వి తోసిపుచ్చుతాయి. కానీ లోపల ఉన్న ఒక్క ఆటోమేషన్ మనిషి పూర్తిగా పోవడం కంటే ఇది వాళ్లకూ చవకే. అదే మాట చెబితే వినేవాళ్లు ఉంటారు.

రెండోది నోటీసు. ఉద్యోగి ఇవ్వాల్సిన నోటీసు మూడు నెలలు, కంపెనీ ఇవ్వాల్సింది ఒక నెల అని రాసి ఉండే లెటర్లు తక్కువేమీ కాదు. చట్టం ఇచ్చే పరిహారాన్ని వదులుకుంటున్న మనిషికి కంపెనీ వైపు నుంచి కనీసం మూడు నెలలు, వీలైతే ఆరు నెలల జీతం రాయించుకోవడం న్యాయమైన కోరికే. పెంపులో ఓ యాభై వేలు తగ్గించుకునైనా ఈ మాట రాయించుకోవడం మంచిది. ఎందుకంటే ఆ యాభై వేలలో కొంత ఎలాగూ పన్నుకు పోయే రోజు వస్తుంది, నోటీసు డబ్బు అవసరమైన రోజునే చేతికొస్తుంది.

ఇంటి వైపు నుంచి చేయాల్సింది ఒకటే ఉంది, అది కూడా మొదటి అయిదేళ్లలోనే. కొత్త జీతాన్ని చూసి బ్యాంకులు పెద్ద హోమ్ లోన్ ఇవ్వడానికి ముందుకొస్తాయి. తిరుచానూరు రోడ్డు వైపో, రేణిగుంట రోడ్డు వైపో అపార్ట్‌మెంట్ చూసి, 18 లక్షల జీతం ఎప్పటికీ వస్తుందన్న లెక్కతో ఈఎంఐ పెట్టుకున్న వాళ్లకు ఉద్యోగం లేని ఆ ఏడాది అసలు కష్టం. ఈఎంఐని టెక్నికల్ దారి జీతానికి సరిపోయేలా పెట్టుకుని, పై డబ్బును పన్నెండు నెలల ఇంటి ఖర్చు జమ అయ్యేదాకా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసుకుంటే, ఖాళీగా ఉన్న కాలంలో హోసూరు నుంచి వచ్చిన మొదటి తక్కువ ఆఫర్‌కే తలవంచాల్సిన పని ఉండదు. నెలకు అరవై వేల ఖర్చున్న ఇంటికి అది 7 లక్షల 20 వేలు. ఏడాదికి ఒకటిన్నర లక్ష అదనంగా వచ్చే మొదటి దశలో దాన్ని కూడబెట్టడానికి దాదాపు అయిదేళ్లు పడుతుంది. అంటే మన ఇంజనీరుకు 37 వచ్చేవరకు ఆ పెంపులో ఒక్క రూపాయి కూడా ఖర్చుకు వాడుకోవడానికి లేదు.